పెర్ఫార్మెన్స్ బ్యాంక్ గ్యారంటీ: గడువు, క్లెయిమ్, విడుదల మూడూ చివరి పేరాలోనే ఉంటాయి

బ్యాంకులో గ్యారంటీలు చూసే సీట్లో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. ఆ రోజుల్లో కాంట్రాక్టర్లు నా దగ్గరికి పరుగున వచ్చేది ఎక్కువగా శుక్రవారం సాయంత్రమే. ఒకాయన 2024 ఆగస్టు 2న, శుక్రవారం నాలుగు దాటాక వచ్చారు. చేతిలో డిపార్ట్‌మెంట్ ఉత్తరం ఉంది. బ్యాంకుకు రాసి, ఆయనకు కాపీ పెట్టారు. సారాంశం ఒక్క వాక్యం: ‘ఆగస్టు 8లోపు బ్యాంక్ గ్యారంటీని పొడిగించి పంపండి, లేనిపక్షంలో ఈ ఉత్తరాన్నే క్లెయిమ్‌గా భావించి పూర్తి మొత్తం చెల్లించండి.’

“పని అయిపోయి రెండేళ్లు కావస్తోంది సార్, ఇంకా నా బీజీతో వాళ్లకేం పని?” అన్నారాయన.

“పని సంగతి తర్వాత. మీ బీజీ కాపీ ఉందా?”

ఉంది. నాలుగు పేజీలు. మొదటి మూడు పేజీల్లో అగ్రిమెంటు నంబరు, పని పేరు, బ్యాంకు ఇచ్చే హామీ. వాటిని పక్కన పెట్టి నాలుగో పేజీ చివరి పేరాకు వెళ్లాను. ‘పైన ఏం రాసి ఉన్నప్పటికీ’ అనే అర్థంతో మొదలయ్యే పేరా అది. బ్యాంకులో దాన్ని నాట్‌విత్‌స్టాండింగ్ క్లాజ్ అంటాం. బ్యాంకు ఎంతవరకు బాధ్యురాలో, ఎప్పటివరకు బాధ్యురాలో, ఎవరు ఎలా అడిగితే ఇవ్వాలో అక్కడ మూడు నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది. ఈ వ్యాసం నడిచేది ఆ పేరా చుట్టూనే. ఉదాహరణకు ఆ కాంట్రాక్టరు గారి లెక్కే తీసుకుంటాను. గుర్తుపట్టే వివరాలు తీసేసి అంకెలను గుండ్రం చేశాను.

ముందుగా: ఈ కాగితం ఎవరిది, ఎవరికి?

గ్యారంటీలో ముగ్గురుంటారు. పని ఇచ్చిన డిపార్ట్‌మెంట్ లబ్ధిదారు. హామీ ఇచ్చేది బ్యాంకు. ఎవరి తరఫున ఇస్తుందో ఆ మనిషి కాంట్రాక్టరు. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 126వ సెక్షన్ చెప్పేది ఈ మూడు పాత్రల గురించే.

అయితే వాడుకలో ఉన్న పెర్ఫార్మెన్స్ గ్యారంటీ రెండు పార్టీల మధ్య ఒప్పందంలా పనిచేస్తుంది. బ్యాంకు డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే మాట ఇది: ‘కాంట్రాక్టరు ఒప్పందం తప్పాడని మీరు రాసి అడిగితే చాలు, ఆయన్ని అడగకుండా, కారణం వెతకకుండా, ఎదురు చెప్పకుండా ఇస్తాం.’ మీకూ డిపార్ట్‌మెంట్‌కూ మధ్య ఎన్ని గొడవలున్నా బ్యాంకు వాటి జోలికి పోదు. పోకూడదు కూడా. క్లెయిమ్ సరిగ్గా ఉంటే ఆలస్యం చేయకుండా చెల్లించమని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంది.

బ్యాంకు ఇచ్చాక ఆ డబ్బు ఎవరిది? మీదే. గ్యారంటీ తీసుకునేటప్పుడు మీరు సంతకం చేసిన కౌంటర్ గ్యారంటీ ప్రకారం బ్యాంకు మీరు పూచీగా ముందే పెట్టిన మార్జిన్ ఎఫ్‌డీని మూసి జమ చేసుకుంటుంది. మిగతాది మీ పేరున అప్పుగా రాసుకుంటుంది. ఆ అప్పు 90 రోజులు దాటి బకాయి ఉంటే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆ తర్వాత కొత్త టెండరుకు బీజీ అడగడానికి వెళితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

మొదటి మెట్టు: గడువు తేదీని మీరే లెక్క కట్టండి

ఆ కాంట్రాక్టు విలువ రూ.4 కోట్లు. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ 5 శాతం, అంటే రూ.20 లక్షల గ్యారంటీ. పని 2021 జూన్ 10న మొదలైంది, గడువు 12 నెలలు. కాబట్టి 2022 జూన్ 9కి పూర్తి కావాలి. అక్కడి నుంచి లోపాల బాధ్యత కాలం, మనం డీఎల్‌పీ అనేది, 24 నెలలు. అది 2024 జూన్ 9తో ముగుస్తుంది. దానిమీద ఇంకో 60 రోజులు గ్యారంటీ బతికి ఉండాలని ఒప్పందంలో ఉంది. జూన్‌లో మిగిలిన 21 రోజులు, జూలై 31, ఆగస్టులో 8. అలా వచ్చిన తేదీ 2024 ఆగస్టు 8. బీజీలో రాసింది కూడా ఇదే.

ఈ 60 రోజుల లెక్క ఎవరో మీమీద కక్షతో పెట్టింది కాదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 171వ నియమం కూడా వారంటీతో సహా బాధ్యతలన్నీ పూర్తయ్యాక 60 రోజుల వరకు పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ చెల్లుబాటులో ఉండాలంటుంది. చివరి రోజున కనబడిన లోపానికి నోటీసు ఇచ్చి, మీ జవాబు చూసి, అప్పటికీ చేయకపోతే క్లెయిమ్ పెట్టడానికి డిపార్ట్‌మెంట్‌కు కాస్త వ్యవధి కావాలి కదా. రాష్ట్ర ప్రభుత్వ పనుల్లో, కార్పొరేషన్లలో, ప్రైవేటు పనుల్లో ఈ రోజులు వేరేగా ఉండొచ్చు. కొన్ని ఒప్పందాల్లో పని పూర్తయిన సర్టిఫికెట్ రాగానే గ్యారంటీని వదిలేసి, డీఎల్‌పీకి బిల్లుల్లో పట్టుకున్న డిపాజిట్‌నే ఉంచుకుంటారు. అందుకే పక్క కాంట్రాక్టరు బీజీ చూసి మీ తేదీ వేసుకోవద్దు. మీ అగ్రిమెంటులో పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ క్లాజు తెరిచి చదవాలి.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. మరి డిపార్ట్‌మెంట్ ఉత్తరం ఎందుకొచ్చింది?

పని 2022 జూన్‌లో పూర్తి కాలేదు. స్థలం అప్పగించడంలో ఆలస్యమైందని నాలుగు నెలల గడువు పొడిగింపు, మనం ఈఓటీ అనేది, తీసుకున్నారు. పని పూర్తయింది 2022 అక్టోబరు 9న. డీఎల్‌పీ ఆ తేదీ నుంచి మొదలై 2024 అక్టోబరు 9 వరకు సాగుతుంది. దానికి 60 రోజులు కలిపితే డిసెంబరు 8. అంటే బీజీ నాలుగు నెలలు పొట్టిగా ఉండిపోయింది. ఈఓటీ ఉత్తర్వు వచ్చిన రోజే బీజీని కూడా పొడిగించాలి. ఆయన ఈఓటీ కాగితం తీసుకుని సంబరంగా వెళ్లిపోయారు, బీజీ సంగతి ఎవరికీ గుర్తులేదు. రెండేళ్లకు ఆడిట్‌లోనో, రిజిస్టర్ తిరగేస్తుంటేనో డిపార్ట్‌మెంట్‌కు కనబడింది. నా దగ్గరికొచ్చిన పొడిగింపు గొడవల్లో సగానికి పైగా ఇలాంటివే. నా సలహా ఒకటే: ఈఓటీకి దరఖాస్తు పెట్టే రోజే బ్యాంకుకు కూడా ఒక ఉత్తరం రాయండి.

రెండో మెట్టు: గడువు తేదీ వేరు, క్లెయిమ్ తేదీ వేరు

చివరి పేరాలో సాధారణంగా మూడు విషయాలుంటాయి. తెలుగులో చెప్పుకుంటే ఇలా:

‘పైన ఏం రాసి ఉన్నప్పటికీ, ఈ గ్యారంటీ కింద మా బాధ్యత రూ.20 లక్షలకు మించదు. ఈ గ్యారంటీ 2024 ఆగస్టు 8 వరకు చెల్లుతుంది. 2024 ఆగస్టు 8న గానీ అంతకుముందు గానీ లిఖితపూర్వక క్లెయిమ్ మాకు అందితేనే మేము చెల్లిస్తాం.’

రెండో వాక్యంలోది గడువు తేదీ. మూడో వాక్యంలోది క్లెయిమ్ తేదీ. ఈ కాగితంలో రెండూ ఒకటే కాబట్టి ఆగస్టు 8 సాయంత్రం బ్యాంకు మూసేసరికి కథ ముగియాలి. అందుకే డిపార్ట్‌మెంట్‌కు అంత తొందర.

చాలా బీజీల్లో ఇవి రెండు వేర్వేరు తేదీలు. గడువు 2024 ఆగస్టు 8, క్లెయిమ్ పెట్టడానికి 2025 ఆగస్టు 8 వరకు అన్నట్టు ఉంటాయి. దీని అర్థం జాగ్రత్తగా చూడండి. గ్యారంటీ కాపాడేది గడువులోపు మీరు చేసిన తప్పును. ఆ తప్పు మీద కాగితం పెట్టడానికి తర్వాత ఇంకో ఏడాది సమయం ఉంది. 2024 ఆగస్టు 8 తర్వాత కొత్తగా పుట్టిన తప్పుకు ఆ గ్యారంటీ వర్తించదు. కానీ క్లెయిమ్ తేదీ దాటేదాకా బ్యాంకు తన బాధ్యత తీరిందనుకోదు కాబట్టి మీ ఎఫ్‌డీనీ వదలదు. ‘గడువైపోయింది కదా, ఎఫ్‌డీ ఇవ్వండి’ అని వచ్చి తిట్టుకుంటూ వెళ్లినవాళ్లను నేను చూశాను. వాళ్లు చూసింది మొదటి తేదీనే.

ఈ ఏడాది క్లెయిమ్ కాలం ఎక్కడి నుంచి వచ్చింది? కాస్త చట్టం చెప్పాలి, ఓపిక పట్టండి. పూర్వం బ్యాంకులు ‘ఇన్ని నెలల్లో అడగకపోతే మీ హక్కులన్నీ పోతాయి’ అని రాసుకునేవి. 1997లో కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్‌ను సవరించి, అలా హక్కును చంపేసే షరతు చెల్లదన్నారు. అప్పుడు మిగిలింది మామూలు కాలపరిమితి చట్టం. ప్రైవేటు వ్యక్తికి మూడేళ్లు, ప్రభుత్వం వేసే దావాకు ముప్పై ఏళ్లు. ఏ బ్యాంకు తన పుస్తకాల్లో ముప్పై ఏళ్లు ఒక గ్యారంటీని మోస్తుంది? అందుకని 2013 జనవరి నుంచి అదే సెక్షన్‌కు మూడో మినహాయింపు చేర్చారు. నిర్దేశించిన ఘటన జరిగిన నాటి నుంచి కనీసం ఏడాది వ్యవధి ఇస్తే, ఆ తర్వాత హక్కు పోతుందని బ్యాంకు గ్యారంటీలో రాసుకోవచ్చు.

దీన్ని పట్టుకుని చాలా బ్యాంకులు ‘క్లెయిమ్ కాలం ఏడాది ఉండాల్సిందే’ అని పట్టుబట్టాయి. కాంట్రాక్టరుకు దీనివల్ల నష్టం ఏమిటంటే ఆ ఏడాదికి కూడా కమీషన్ పడుతుంది, మార్జిన్ ఇరుక్కుంటుంది. లార్సెన్ అండ్ టూబ్రో ఈ విషయమై పంజాబ్ నేషనల్ బ్యాంకు మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2021 జూలైలో కోర్టు చెప్పిందేమిటంటే, ఆ మినహాయింపు చెప్పే ఏడాది కోర్టుకు వెళ్లి హక్కు అమలు చేయించుకునే వ్యవధి, బ్యాంకు దగ్గర క్లెయిమ్ పెట్టే వ్యవధి కాదు. కాబట్టి ఏడాది క్లెయిమ్ కాలం చట్టం విధించిన షరతు కాదు. మీ టెండరు ఫార్మాట్ క్లెయిమ్ కాలం అడగకపోయినా బ్యాంకు ఏడాది పెట్టమంటే, ఈ తీర్పును చూపించి మాట్లాడండి. ప్రతి బ్రాంచీ ఒప్పుకుంటుందని మాత్రం అనుకోవద్దు. కమీషన్ అయినా తగ్గించుకోగలిగితే అదే లాభం.

లెక్క చూద్దాం. కమీషన్ ఏడాదికి 2 శాతం అనుకుంటే రూ.20 లక్షలకు రూ.40,000. దానిమీద 18 శాతం జీఎస్టీ రూ.7,200. మొత్తం రూ.47,200. అవసరం లేని క్లెయిమ్ ఏడాదికి మీరు పోగొట్టుకునేది అంత. 20 శాతం మార్జిన్ అయితే రూ.4 లక్షల ఎఫ్‌డీ ఇంకో ఏడాది బ్యాంకు పట్టులోనే, అంటే లీన్‌లోనే ఉంటుంది. వడ్డీ వస్తుంది గానీ తీసి వాడుకోలేరు. దానికంటే పెద్ద చిక్కు, గ్యారంటీల కోసం బ్యాంకు మీకు ఇచ్చిన నాన్ ఫండ్ లిమిట్‌లో రూ.20 లక్షలు ఇరుక్కుపోయి కొత్త పనికి బీజీ రాకపోవడం.

మూడో మెట్టు: క్లెయిమ్ ఎలా ఉంటే చెల్లుతుంది

డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరమూ క్లెయిమ్ కాదు. బ్యాంకులో మేము చూసేవి నాలుగైదు: ఎవరు రాశారు, ఏ బ్రాంచికి రాశారు, ఎప్పుడు అందింది, ఎంత అడిగారు, గ్యారంటీ ఏ మాటలు రాయమందో ఆ మాటలు రాశారా.

మొదటిది చిన్న విషయంలా కనిపిస్తుంది. బిహార్ ప్రభుత్వం మీద హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇదే. గ్యారంటీ చీఫ్ ఇంజినీరు పేరున ఉంటే క్లెయిమ్ చేసింది ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. గ్యారంటీ ఎవరికి ఇచ్చారో వాళ్లే, అందులో రాసినట్టే అడగాలని, అలా అడగని క్లెయిమ్ చెల్లదని కోర్టు చెప్పింది. అందుకే మీ బీజీలో లబ్ధిదారు హోదా ఏమని ఉందో చూసుకోండి. సూపరింటెండింగ్ ఇంజినీరు పేరున ఉన్న బీజీకి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు సంతకంతో క్లెయిమ్ వస్తే, ఆ సంగతి అదే రోజు రాతపూర్వకంగా బ్యాంకు దృష్టికి తేవచ్చు. అది అక్కడితో ఆగిపోతుందని మాత్రం ఆశపడొద్దు. తేదీ మిగిలి ఉంటే వాళ్లు మర్నాడే సరైన సంతకంతో మళ్లీ పంపుతారు.

తేదీ విషయంలో చూసేది క్లెయిమ్ బ్యాంకుకు అందిన రోజును. ఆగస్టు 8న పోస్టు చేసి 10న చేరితే, ‘అందితేనే’ అని రాసిన బీజీ కింద అది ఆలస్యమైనట్టే. మేము కవరు మీద స్వీకరించిన ముద్ర, సమయం వేసి ఆ కవరును కూడా ఫైల్లో దాచేవాళ్లం. చివరి వారంలో డిపార్ట్‌మెంట్ వాళ్లు మనిషినిచ్చి పంపేది ఇందుకే.

మొత్తం రూ.20 లక్షలూ అడగాలని లేదు. గ్యారంటీ మాటలు అనుమతిస్తే కొంత మొత్తమైనా అడగొచ్చు, రూ.20 లక్షలకు మించి మాత్రం కాదు. అలాంటప్పుడు మిగిలిన మొత్తానికి గ్యారంటీ బతికే ఉందా అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఇక మన కాంట్రాక్టరు గారికి వచ్చిన రకం ఉత్తరం. ‘పొడిగించండి, లేదా చెల్లించండి.’ దీనిలో మొదటి సగమే ఉంటే అది వినతి మాత్రమే, దానిమీద బ్యాంకు డబ్బివ్వదు. రెండో సగం కలిసిందంటే షరతుతో కూడిన క్లెయిమ్. పొడిగింపు రాకపోతే అది పూర్తి క్లెయిమ్‌గా నిలబడుతుంది. అయితే అందులో ‘కాంట్రాక్టరు ఒప్పందం తప్పాడు’ అన్న మాట లేకపోతే, ఆ మాట రాయాలని గ్యారంటీ అడిగి ఉంటే, క్లెయిమ్ సక్రమంగా ఉందా అన్న ప్రశ్న మిగులుతుంది. ఆ ప్రశ్న మీద ఆధారపడి పొడిగింపు మానేయడం జూదం. మీది న్యాయమైన పక్షమే అయినా నేను వద్దంటాను. పొడిగింపుకు అయ్యేది వేలల్లో ఖర్చు, క్లెయిమ్ అయితే లక్షల్లో దెబ్బ.

కోర్టు స్టే సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే ఆర్బిట్రేషన్ చట్టం 1996లోని 9వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. కానీ సుప్రీంకోర్టు 1987లో యూపీ కోఆపరేటివ్ ఫెడరేషన్ కేసు నుంచి చెబుతున్నది ఒకటే: షరతుల్లేని గ్యారంటీని ఆపాలంటే గ్యారంటీ మూలాన్నే దెబ్బతీసే ఘోరమైన మోసం ఉండాలి, లేదా తర్వాత ఏ రకంగానూ పూడ్చుకోలేని నష్టం జరుగుతుందని చూపించాలి. ‘నాకే వాళ్లు బిల్లు బాకీ ఉన్నారు’, ‘ఆలస్యం వాళ్లవల్లే జరిగింది’ అన్నవి ఈ రెండింటిలోకి రావు. ఆ వాదనలు ఆర్బిట్రేషన్‌లో డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి పనికొస్తాయి. రేపు పోయే డబ్బును ఈరోజు ఆపడానికి పనికిరావు.

నాలుగో మెట్టు: పొడిగింపు చేయించుకోవడం

ఆ శుక్రవారం మేము చేసింది వరుసగా చెబుతాను.

ముందు ఆయన చేత బ్యాంకుకు పొడిగింపు దరఖాస్తు రాయించాను. అందులో బీజీ నంబరు, పాత తేదీ, కొత్త తేదీ, కారణం, ఈఓటీ ఉత్తర్వు కాపీ. కొత్త తేదీ దగ్గర ఆగాల్సి వచ్చింది. డిసెంబరు 8, 2024 ఆదివారం. గడువు, క్లెయిమ్ రెండూ ఆదివారం ముగిస్తే శనివారం అందిందా, సోమవారం అందిందా అని కొట్టుకోవాలి. డిపార్ట్‌మెంట్ కూడా అలాంటి తేదీని ఒప్పుకోదు, తిప్పి పంపుతుంది. అందుకని డిసెంబరు 31, మంగళవారం అని పెట్టించాను. చాలా బ్యాంకుల్లో కమీషన్ మూడు నెలల లెక్కన పడుతుంది కాబట్టి ఆ మూడు వారాలకు కలిగే తేడా పెద్దదేమీ కాదు. దాదాపు ఐదు నెలలకు లెక్కేసినా జీఎస్టీతో కలిపి సుమారు రూ.19,700.

అదే రోజు డిపార్ట్‌మెంట్‌కు ఆయన ఇంకో ఉత్తరం పెట్టారు: పొడిగింపుకు బ్యాంకులో దరఖాస్తు ఇచ్చాం, ఫలానా తేదీ వరకు చేయిస్తున్నాం, దయచేసి క్లెయిమ్ పట్టుబట్టవద్దు. దానికి బ్యాంకు స్వీకృతి ముద్ర ఉన్న కాపీ జత చేశారు. ఈ ఉత్తరం వల్ల చట్టపరమైన రక్షణ ఏమీ రాదు. కానీ అవతల టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి టెన్షన్ తగ్గుతుంది. ఆయన భయం బీజీ తన హయాంలో ఎక్స్‌పైర్ అయితే ఆడిట్ తనను పట్టుకుంటుందనే తప్ప, మీమీద కోపం కాదు.

సోమవారం శాంక్షన్ చూసుకున్నాం. ఆయన లిమిట్ రెన్యువల్ గడువు దగ్గర పడింది. అదే ఇంకో నెల ఆలస్యమై రెన్యువల్ ఆగి ఉంటే, మార్జిన్ మొత్తం నగదుగా కట్టమనేవాళ్లం. మంగళవారం స్టాంపు పేపరు మీద సవరణ ముద్రించి, ఇద్దరు అధికారులం సంతకాలు చేశాం. అదే రోజు బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ ద్వారా లబ్ధిదారు బ్యాంకుకు ధ్రువీకరణ సందేశం పంపాం. కొత్త గ్యారంటీకైతే 760COV, సవరణకైతే 767COV అనే సందేశం వెళ్తుంది. ఇది వెళ్లకపోతే చేతిలో ఉన్న కాగితం అసలుదో కాదో డిపార్ట్‌మెంట్ నమ్మదు. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది: టెండరులో ఇచ్చిన ఐఎఫ్ఎస్‌సీ కాకుండా పాత బ్రాంచి కోడ్‌కు సందేశం పంపడం. కాగితం చేరుతుంది, సందేశం చేరదు, ఫైలు కదలదు. సందేశం వెళ్లిన కాపీ ఒకటి బ్యాంకు నుంచి అడిగి తీసుకోండి.

బుధవారం, ఆగస్టు 7న, సవరణ కాగితాన్ని ఆయన స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి స్వీకృతి తెచ్చుకున్నారు. అదే రోజు డిపార్ట్‌మెంట్ నుంచి ‘పొడిగింపు అందింది, మా క్లెయిమ్ ఉపసంహరించుకుంటున్నాం’ అని బ్యాంకుకు ఉత్తరం తెప్పించాం. ఈ చివరి అడుగును చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఫైల్లో ఒక సజీవమైన క్లెయిమ్ ఉత్తరం పడి ఉంటుంది. రేపు కొత్త మేనేజరు వచ్చి దాన్ని చూస్తే అడగని ప్రశ్నలుండవు.

సవరణ చూసేటప్పుడు ఒక్క విషయం గమనించండి. తేదీ రెండు చోట్లా మారిందా? గడువు తేదీ మార్చి, క్లెయిమ్ తేదీని పాతగానే వదిలేసిన సవరణలు నేను చూశాను. అప్పుడు గ్యారంటీ డిసెంబరు వరకు చెల్లుతుంది, క్లెయిమ్ మాత్రం ఆగస్టులోపే అందాలి! డిపార్ట్‌మెంట్ దాన్ని తిప్పి పంపుతుంది, మీ మూడు రోజులు గంగలో పోతాయి.

ఐదో మెట్టు: విడుదల

విడుదల దానంతట అదే జరగదు. డీఎల్‌పీ ముగిసే తేదీకి నెల ముందే డిపార్ట్‌మెంట్‌కు ఉత్తరం పెట్టండి: ఫలానా తేదీన డీఎల్‌పీ ముగుస్తోంది, ఉమ్మడి తనిఖీకి రండి, లోపాలుంటే చూపించండి, సరిచేస్తాం. అలా రాస్తే లోపాల జాబితా గడువులోపే బయటికొస్తుంది. రాయకపోతే చివరి 60 రోజుల్లో నోటీసు రూపంలో వస్తుంది. ఏఈ, డీఈతో కలిసి తిరిగిన రోజు చూసినవి కాగితం మీద పెట్టి సంతకాలు తీసుకోండి. చిన్న పగుళ్లు, లీకులు ఉంటే సరిచేసి ఫొటోలతో మళ్లీ రాయండి.

ఆ తర్వాత విడుదలకు దరఖాస్తు. మామూలుగా అడిగేవి పని పూర్తయిన సర్టిఫికెట్, ఫైనల్ బిల్లు పాసైన వివరం, లోపాలు లేవన్న నివేదిక, బకాయిలు లేవన్న పత్రం. ఫైనల్ బిల్లులో ఏదైనా వివాదం ఉంటే బీజీని దానికి ముడిపెట్టి ఆపడం సర్వసాధారణం. మీ అగ్రిమెంటులో విడుదలకు ఏయే షరతులున్నాయో అవి మాత్రమే తీరాలి. అందుకే దరఖాస్తులో ‘ఫలానా క్లాజు ప్రకారం ఈ షరతు ఈ తేదీన తీరింది’ అని క్లాజు నంబరుతో వరసగా రాయండి. కారణం చెప్పకుండా ఆపడం అప్పుడు కాస్త కష్టమవుతుంది.

డిపార్ట్‌మెంట్ ఇవ్వాల్సినవి రెండు: బీజీ అసలు, దాని సవరణలన్నీ కలిపి, ‘ఈ గ్యారంటీ కింద మాకు ఎలాంటి క్లెయిమ్ లేదు, విడుదల చేయవచ్చు’ అని బ్యాంకు బ్రాంచి పేరున ఉత్తరం. ఉత్తరం మీద సంతకం లబ్ధిదారు హోదాలో ఉన్న అధికారిదే కావాలి. క్లెయిమ్‌కు ఎవరి సంతకం కావాలో విడుదలకూ వాళ్లదే. బ్యాంకు ఆ ఉత్తరాన్ని నేరుగా డిపార్ట్‌మెంట్‌తో సరిచూసుకుంటుంది, ఎందుకంటే దొంగ విడుదల ఉత్తరాలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ సరిచూడడానికి రెండు మూడు రోజులు పడితే విసుక్కోకండి.

డిపార్ట్‌మెంట్ అసలు కాగితాన్ని ఇవ్వకుండా కూర్చుంటే? క్లెయిమ్ తేదీ దాటిపోయి, ఆలోగా ఎలాంటి క్లెయిమూ అందకపోతే, కాగితం ఎవరి బీరువాలో ఉన్నా బ్యాంకు బాధ్యత గ్యారంటీ మాటల ప్రకారం ముగిసినట్టే. చాలా బీజీల్లో ‘అసలు తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా’ అన్న వాక్యం కూడా ఉంటుంది. అది మీ బీజీలో ఉందో లేదో ముందే చూడండి, ఇష్యూ చేసే రోజే అడిగి పెట్టించుకోవడం తేలిక. బ్యాంకుకు రాసేటప్పుడు ఆ వాక్యాన్ని ఎత్తి చూపించి, ‘క్లెయిమ్ అందలేదని నిర్ధారించి లీన్ తీసేయండి’ అని కోరండి. చాలా బ్రాంచీలు అప్పుడు లబ్ధిదారుకు ఒక నోటీసు పంపి, కొన్ని రోజులు వేచి చూసి మూసేస్తాయి. కొన్ని మీ దగ్గర ఇండెమ్నిటీ బాండు అడుగుతాయి. కోర్టు స్టే ఉన్నప్పుడు మాత్రం ఈ లెక్క పనిచేయదు. సాధారణంగా ఆ ఉత్తర్వులోనే బీజీని సజీవంగా ఉంచాలని షరతు పెడతారు, కాబట్టి మీరు దాన్ని పొడిగిస్తూనే పోవాలి.

మన కాంట్రాక్టరు గారి కథలో అక్టోబరు మొదటి వారంలోనే తనిఖీ చేయించారు. రెండు చోట్ల ఎక్స్‌పాన్షన్ జాయింట్ ఫిల్లర్ ఊడిపోయిందని రాశారు. వారంలో సరిచేశారు. నవంబరు నెలాఖరుకు విడుదల ఉత్తరం వచ్చింది. అసలు, ఒక సవరణ, రెండూ వెనక్కొచ్చాయి. ఆయన బ్రాంచికొచ్చి ఇచ్చి వెళ్లిపోబోతుంటే ఆపాను. ఎఫ్‌డీ మీద లీన్ తీసినట్టు రసీదు, గ్యారంటీ రద్దయినట్టు ఉత్తరం, లిమిట్‌లో రూ.20 లక్షలు వెనక్కి చేరిందన్న స్టేట్‌మెంట్ మూడూ చేతికిచ్చాను. మిగిలిన కాలానికి కట్టిన కమీషన్‌లో కొంతైనా తిరిగొస్తుందేమో రాసి అడగమన్నాను. అది బ్యాంకు బ్యాంకుకూ వేరుగా ఉంటుంది. జనవరి స్టేట్‌మెంట్‌లో ఆ బీజీ నంబరు మీద కొత్తగా కమీషన్ ఏమీ పడలేదని ఫోన్ చేసి చెప్పారు.